బయటివారి ముందు బాస్‌కు ‘గారు’ లేదు

జపాన్ ఆఫీసుల్లో క్రియను ఎంచుకునే ముందు, ఆ పని చేసేది ఎవరో చూసుకోవాలి. ‘ఉన్నారు’ అనడానికి పైఅధికారి విషయంలో ‘ఇరష్షైమసు’ అనే గౌరవరూపం వాడతారు. తన గురించి చెప్పుకుంటే ‘ఒరిమసు’ అనే వినయరూపం వాడతారు.

చిక్కు ఫోన్ మోగినప్పుడు వస్తుంది. సహోద్యోగి అడిగితే మేనేజరు తనక ‘ఇరష్షైమసు’. కస్టమరు అడిగితే మాత్రం ‘సన్’, హోదా రెండూ తీసేసి, ‘తనక వ సెకి ఒ హజుషితె ఒరిమసు’ అంటారు, అంటే సీటులో లేరని. కస్టమరుకు కంపెనీ అంతా ఒకే పక్షం. సొంత పక్షాన్ని తగ్గించి చెప్పాలి. ఇక్కడ ‘ఇరష్షైమసు’ అంటే సొంతవాళ్లను పొగుడుకున్నట్టే.

అదే ఫోన్ తనక భార్య చేస్తే? ఆయన ఆమె మనిషి. అందుకే మళ్లీ ‘తనక సన్’, మళ్లీ గౌరవరూపం.