నుదుటితో గోల్

2009 మే 27. రోమ్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్. 70వ నిమిషంలో చావీ కుడివైపు నుంచి బంతిని గాల్లోకి లేపాడు. మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌లో ఉన్నది 1.97 మీటర్ల వాన్ డెర్ సార్. ఆ బంతిని తలతో అందుకున్నది మాత్రం 1.70 మీటర్ల మెస్సీ. డిఫెండర్లకు దొరక్కుండా ఖాళీలోకి వచ్చి, వెనక్కి వాలుతూ ఎగిరి, గోల్‌కీపర్ పైనుంచి వలలో వేశాడు. బార్సిలోనా 2-0తో గెలిచింది.

పొట్టివాడికి ఇది సాధ్యమైందంటే, బంతి దిగే చోటుని అతను ముందే పసిగట్టాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు సాధారణంగా తప్పేది ఇక్కడే. బంతి పైకి లేవగానే దాని కిందికి పరుగెత్తి, తొందరపడి ఎగిరేస్తారు. దిగే చోటుకి ఒకటి రెండు అడుగులు వెనకే ఆగాలి. చివర్లో రెండు మూడు అంగలు వేసి ఒంటికాలిపై లేస్తే ఎత్తూ వస్తుంది, ముందుకు ఊపూ వస్తుంది.

40 సెంటీమీటర్లు ఎగిరే ఆటగాడు గాల్లో ఉండేది అర సెకనుకి కాస్త పైన. అందులో సగం సమయం పైనున్న 10 సెంటీమీటర్లలోనే గడుస్తుంది. బంతి తగలాల్సింది అప్పుడే. కిందికి దిగుతుండగా బంతి తలపైనుంచి వెళ్లిపోతే తొందరపడ్డట్టు. ఇంకా లేస్తుండగానే మొహానికి తగిలితే ఆలస్యమైనట్టు. నడినెత్తిన తగిలితే మరీ బంతి కిందికి వెళ్లిపోయారన్నమాట. దిమ్మెక్కిపోతుంది, బంతి ఎటు పోతుందో తెలియదు.

కనుబొమలకు పైన, జుట్టు మొదలయ్యే చోటుకి కింద ఉన్న చదును భాగమే సరైనది. గడ్డం కాస్త లోపలికి లాగి, మెడ బిగించి, నోరు మూసుకుని (లేదంటే నాలుక కరుచుకునే ప్రమాదం ఉంది), కళ్లు తెరిచే కొట్టాలి. మెడ వదులుగా ఉంటే బంతి తలను వెనక్కి తోస్తుంది. నిజానికి బలం వచ్చేది నడుము నుంచి: విల్లులా వెనక్కి వంచి ముందుకు విసరాలి. మొదట మెత్తటి తేలిక బంతిని చేత్తో పట్టుకుని నుదుటికి తాకించుకోవాలి. ఆ తర్వాత తోటివాడు కిందినుంచి మెల్లగా విసిరే బంతిని నిలబడే కొట్టాలి. ఎగరడం చివరి మెట్టు.

ఇక అసలు ప్రమాదం బంతికన్నా పక్కవాడి తలతోనే. 2020 నవంబర్ 29న ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో, కార్నర్‌కి ఎగిరిన వుల్వ్స్ ఆటగాడు రౌల్ హిమెనెజ్ తలా డేవిడ్ లూయిజ్ తలా ఢీకొన్నాయి. హిమెనెజ్ పుర్రె చిట్లింది. నెలల తర్వాత అతను తలకు రక్షణ పట్టీ కట్టుకుని మళ్లీ బరిలోకి దిగాడు.

అందుకే ఎగిరేముందు పక్కన ఎవరున్నారో ఓసారి చూసుకోవాలి. చేతులు బ్యాలెన్స్ కోసం కాస్త చాపవచ్చు, కానీ మోచేయి భుజం దాటి లేస్తే అవతలివాడి మొహానికి తగులుతుంది, రెడ్ కార్డ్ దాకా పోవచ్చు. ఢీకొన్నాక తల తిరిగినా, వాంతి వచ్చినా, చూపు మసకబారినా ఆ రోజుకి ఆట ఆపేసి డాక్టర్‌కి చూపించాల్సిందే. చిన్నపిల్లల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ: అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లోనే 10 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసువాళ్లకు హెడ్డింగ్ వద్దంది, 11 నుంచి 13 ఏళ్లవాళ్లకు ప్రాక్టీసులో దాన్ని పరిమితం చేసింది.