మీకు తెలుసా? కమాండ్ మీట నొక్కి పట్టుకుంటే చాలు

ఐప్యాడ్‌కు కీబోర్డు కలిపాక షార్ట్‌కట్‌లన్నీ బట్టీ పట్టక్కర్లేదు. కమాండ్ మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే, తెరిచి ఉన్న యాప్‌లో పనిచేసే షార్ట్‌కట్‌ల పట్టిక తెర మీదికి వస్తుంది. యాప్ మారితే పట్టికా మారుతుంది. విండోస్ కోసం చేసిన బ్లూటూత్ కీబోర్డైతే విండోస్ మీటే కమాండ్, ఆల్ట్ మీటే ఆప్షన్.

నోట్స్‌లో రాసుకున్న పేరాను మెయిల్‌లోకి తేవాలనుకోండి. కర్సర్‌ను పేరా చివర ఉంచి షిఫ్ట్, కమాండ్, ఎడమ బాణం కలిపి నొక్కితే పేరా మొత్తం రాదు, తెర మీద కనిపించే ఆఖరి వరుసే ఎంపికవుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే. పేరా అంతా కావాలంటే షిఫ్ట్, ఆప్షన్, పై బాణం నొక్కాలి. ఎంపిక రంగు పేరా మొదటి అక్షరం దాకా పాకిందో లేదో చూసుకుని, కమాండ్‌తో C నొక్కండి.

ఇక కమాండ్‌ను వదలకుండా ట్యాబ్ నొక్కితే ఇటీవల వాడిన యాప్‌ల బొమ్మలు వరుసగా కనిపిస్తాయి. మెయిల్ మీదికి వచ్చేదాకా ట్యాబ్ తడుతూ వెళ్లి, అప్పుడు కమాండ్ వదలండి. కర్సర్ ఉత్తరంలో ఉందని చూసుకుని కమాండ్‌తో V నొక్కితే పేరా అక్కడ పడుతుంది.