పిక్సెళ్ల నడుమ రంగు ఎంత?

స్కాన్ చేసిన పుటను రెండింతలు పెద్దది చేసేటప్పుడు కొత్త బొమ్మలోని ప్రతి పిక్సెల్‌కూ పాత బొమ్మలో చోటు వెతకాలి. లెక్క కొత్తదాని నుంచి పాతదానికి వెనక్కి నడవాలి. ముందుకు నడిపితే మధ్యమధ్య గళ్లు నిండకుండా మిగులుతాయి. పిక్సెల్ విలువను గడి నడిమధ్యన ఉన్నట్టు తీసుకుంటే, అడ్డువరుసలో చోటు ఇలా తెలుస్తుంది:

```
x = (X + 0.5) / 2 - 0.5
```

గళ్ల లెక్క సున్నాతో మొదలవుతుంది. కొత్త వరుసలో X = 3 అయితే x = 1.25. అక్కడ పిక్సెల్ లేదు. 1వ పిక్సెల్ దాటి 2 వైపు పావు దూరం వెళ్లిన చోటు అది.

బైలీనియర్ పద్ధతి చుట్టూ ఉన్న నాలుగు పిక్సెళ్లనే చూస్తుంది. పై వరుసలో 90 (సిరా), 250 (కాగితం) ఉన్నాయనుకుంటే పావు దూరంలో విలువ 130. కింది వరుసలో 90, 170 ఉంటే 110. నిలువునా కూడా పావు దూరమే కాబట్టి 130లో ముప్పావు, 110లో పావు కలిపితే 125. పని తేలిక, కానీ అక్షరాల అంచులు కాస్త మసకబారతాయి.

బైక్యూబిక్ 16 పిక్సెళ్లను, అంటే వరుసకు నాలుగు చొప్పున నాలుగు వరుసలను చూస్తుంది. 1981లో రాబర్ట్ కీస్ ప్రతిపాదించిన సూత్రం ప్రకారం పావు దూరానికి వరుసలోని నాలుగింటి తూకాలు −9, 111, 29, −3. మొత్తాన్ని 128తో భాగించాలి. అంచులకు పదును తెచ్చేవి ఆ రుణ తూకాలే, చిక్కు తెచ్చేవీ అవే. వరుసలో 90, 250, 250, 250 ఉంటే జవాబు 261 వస్తుంది. 8 బిట్లలో 255కి మించి పట్టదు. 255 దగ్గర కోత వేయకుండా దాచితే 261 కాస్తా 5 అయిపోయి, తెల్ల కాగితం మీద అక్షరం పక్కనే నల్లచుక్క పడుతుంది. కోత వేసినా సిరా పక్కన కాగితం ఉన్నదానికన్నా తెల్లగా మెరుస్తుంది.

అసలు తప్పులు దొర్లేది బొమ్మ అంచుల్లో. X = 0కి x = −0.25 వస్తుంది. లేని పిక్సెల్‌ను సున్నాగా తీసుకుంటే బైలీనియర్‌లో 250 కాగితం అంచున 188కి, మూలన 141కి దిగి నల్ల చట్రం కట్టినట్టుంటుంది. బైక్యూబిక్‌లో X = 1 చోటు బొమ్మ లోపలే ఉన్నా, దానికి −1వ పిక్సెల్ కావాలి. అక్కడ సున్నా పెడితే విలువ తగ్గడానికి బదులు 268కి ఎగబాకుతుంది. అసలు తనిఖీయే లేకపోతే మరీ వింత. పిక్సెళ్లు మెమరీలో వరుస వెంట వరుసగా ఉంటాయి గనుక, −1 అంటే పై వరుస చివరి పిక్సెల్. కుడి అంచు రంగు ఎడమ అంచున తేలుతుంది.

పుటల విషయంలో అంచు పిక్సెల్‌నే బయటికి పొడిగించడం మేలు: −1, −2 అడిగినా 0వ పిక్సెల్ విలువే ఇవ్వాలి. అల్లిక బట్టల్లాంటి బొమ్మలకు అద్దంలోలా తిప్పి చదవడం నప్పుతుంది. పొడిగించేటప్పుడు x ను కాదు, చదివే ఒక్కొక్క పిక్సెల్ సంఖ్యను విడివిడిగా హద్దులోకి తేవాలి.

పరీక్షకు అంతటా 250 ఉన్న ఖాళీ బొమ్మ చాలు. పెద్దది చేశాక ఏ మూలనైనా 250 కాని అంకె కనిపిస్తే తప్పు అంచు లెక్కలోనో తూకాల్లోనో ఉన్నట్టే.