ఆ సీటులో ఇంతకుముందు ఎవరున్నారు?

హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్లో చాలామందికి నోటీసు పీరియడ్ 90 రోజులు. రాజీనామా మెయిల్ పంపిన రోజు నుంచి కొత్త ఆఫీసులో చేరే రోజు దాకా మూడు నెలలు గడుస్తాయి. అన్నాళ్ళూ పాత ఉద్యోగం చేజారిపోయి ఉంటుంది, కొత్తది ఇంకా చేతికి రాదు. ఈలోగా కొత్త కంపెనీ మనసు మార్చుకుంటే నష్టపోయేది అభ్యర్థే. అందుకే రిక్రూటర్ ఫోన్ చేసినప్పుడు జీతం, ఇంటి నుంచి పని లాంటివాటి కంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇది కొత్తగా పుట్టిన ఉద్యోగమా, ఎవరో వెళ్ళిపోతే ఖాళీ అయిన ఉద్యోగమా? ఆఫీసు భాషలో చెప్పాలంటే, న్యూ పొజిషనా, రీప్లేస్‌మెంటా?

రెండింటికీ తేడా ఎంత ఉంటుందో 2022లో అందరికీ కనబడింది. ఆ ఏడాది నవంబరు మొదట్లో అమెజాన్ మానవ వనరుల విభాగాన్ని చూసే బెత్ గాలెట్టి ఉద్యోగులకు ఒక లేఖ పంపారు. కార్పొరేట్ విభాగాల్లో కొత్త పోస్టుల నియామకాలను ఆపుతున్నామని, వెళ్ళిపోయినవారి స్థానాలను మాత్రం భర్తీ చేయాలనుకుంటున్నామని, ఎంపిక చేసిన కొన్ని చోట్ల కొత్తవారిని కూడా తీసుకుంటామని అందులో రాశారు. అమెరికా బయట అమెజాన్ సొంతంగా కట్టుకున్న తొలి క్యాంపస్ హైదరాబాద్‌లోనే ఉంది, 2019లో తెరిచారు. అలాంటి కంపెనీలో ఇంటర్వ్యూలు ఇస్తున్నవాళ్ళకు తమ పోస్టు ఆ గీతకు ఏ వైపున ఉందో తెలియడం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

ఈ సమాచారం రిక్రూటర్ దగ్గర ఉంటుందా అన్న సందేహం చాలామందికి వస్తుంది. కంపెనీ సొంత రిక్రూటర్ దగ్గర సాధారణంగా ఉంటుంది. మేనేజరు ఒక మనిషి కావాలని అడిగినప్పుడు హెచ్‌ఆర్‌కు ఒక అభ్యర్థన పత్రం నింపి పంపుతారు. పెద్ద కంపెనీల్లో ఆ పత్రంలో ఇది కొత్త పోస్టా, భర్తీయా అనే గడి ఉండడం మామూలే. భర్తీ అయితే ఎవరి స్థానంలోనో కూడా రాస్తారు. దాని మీద ఫైనాన్స్ ఆమోదం పడ్డాకే వేట మొదలవ్వాలి. బయటి కన్సల్టెన్సీ నుంచి ఫోన్ చేసేవారి సంగతి వేరు. వాళ్ళకు చాలాసార్లు అందేది ఉద్యోగ వివరణ, జీతం హద్దు, అంతే. వాళ్ళు తెలియదంటే అది దాపరికం కాకపోవచ్చు. కంపెనీలో ఎవరినైనా అడిగి చెప్పమనడంలో తప్పు లేదు, మేనేజరుతో ఇంటర్వ్యూ దాకా ఆగి అక్కడే అడిగినా సరే.

ఇది ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణలో చూద్దాం. ఆరేళ్ళ అనుభవం ఉన్న ఒక జావా డెవలపరు గచ్చిబౌలిలో పనిచేస్తోంది, నోటీసు 90 రోజులు. జూన్ 2న ఒక కంపెనీ రిక్రూటర్ ఆమెకు ఫోన్ చేశారు. చెల్లింపుల వ్యవస్థను చూసుకునే టీములో ఖాళీ ఉందన్నారు.

“ఇది కొత్త పొజిషనా అండీ, రీప్లేస్‌మెంటా?”

“రీప్లేస్‌మెంటే మేడమ్. టీములో ఒకరు మూవ్ అవుతున్నారు.”

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. రీప్లేస్‌మెంట్ అనగానే పని ఉంది, డబ్బు ఉంది, సీటు ఖాయం అనుకుంటారు. కానీ ఆమె ఇంకో అడుగు వేసింది.

“ఆయన ఇంకా టీములోనే ఉన్నారా? లాస్ట్ వర్కింగ్ డే ఎప్పుడండీ?”

“జూలై 31 మేడమ్.”

ఈ ఒక్క తేదీతో ఎంతో తెలుస్తుంది. జూన్ మధ్యలో ఆఫర్ వచ్చి, 16న రాజీనామా చేస్తే, 90 రోజులు సెప్టెంబరు 14తో పూర్తవుతాయి. 15న చేరాలి. అంటే వెళ్ళేవారి చివరి రోజుకు, ఆమె మొదటి రోజుకు మధ్య ఆరు వారాల పైనే ఖాళీ. ఆయన తన పనిని ఆమెకు స్వయంగా అప్పగించే అవకాశమే లేదు. కేటీ అని అందరూ పిలుచుకునే ఆ అప్పగింత మధ్యలో ఇంకొకరు తీసుకుని, వాళ్ళకు గుర్తున్నంత మేరకు ఆమెకు చెప్పాలి. ఆ ఇంకొకరు అప్పటికే సొంత పనితో సతమతమవుతూ ఉంటారు. చెల్లింపుల వ్యవస్థలో ఏ లావాదేవీ ఎందుకు ఆగిందో, ఏ లోపాన్ని తాత్కాలికంగా ఎలా సర్దారో కాగితం మీద ఉండదు, మనిషి బుర్రలో ఉంటుంది. ఆ మనిషి జూలై 31న వెళ్ళిపోతున్నారు.

ఇమ్మీడియట్ జాయినర్లు మాత్రమే కావాలని ప్రకటనల్లో అంత గట్టిగా అడగడం వెనక తరచూ ఈ లెక్కే ఉంటుంది. నోటీసును డబ్బు కట్టి తగ్గించుకునే బయౌట్‌కు కొత్త కంపెనీ ఒప్పుకుంటుందా, పాత మేనేజరు వదులుతారా అన్న చర్చ కూడా ఇక్కడి నుంచే మొదలవ్వాలి. పై ఉదాహరణలో 30 రోజులు కొనుక్కుంటే ఆమె ఆగస్టు 16న చేరుతుంది, ఖాళీ రెండు వారాలకు తగ్గుతుందే తప్ప పోదు. 60 రోజులు కొనుక్కుంటే జూలై 17కల్లా చేరి, వెళ్ళేవారి పక్కన రెండు వారాలు కూర్చోవచ్చు. ఎవరి అవసరం కోసం ఎంత ఖర్చవుతుందో ఇంత స్పష్టంగా కనిపించాక, బయౌట్ డబ్బు కొత్త కంపెనీయే భరించాలని అడగడానికి ఆమెకు మంచి ఆధారం దొరుకుతుంది.

వెళ్ళేవారు ఎందుకు వెళ్తున్నారన్నది సున్నితమైన ప్రశ్న. ఒక ఉద్యోగి వ్యక్తిగత కారణాలను బయటివారికి చెప్పే స్వేచ్ఛ రిక్రూటర్‌కు ఉండదు, చెప్పకూడదు కూడా. ప్రశ్నను మనిషి మీద నుంచి సీటు మీదకు మళ్ళిస్తే ఇబ్బంది తగ్గుతుంది. వెళ్ళేవారు కంపెనీలోనే వేరే టీముకు మారుతున్నారా? ఈ పనిలో ఎన్నాళ్ళు ఉన్నారు? గత రెండేళ్ళలో ఈ సీటులో ఎంతమంది పనిచేశారు? ఈ మూడింటిలో చివరిదే అన్నిటికంటే విలువైంది. నాలుగేళ్ళు చేసి ప్రమోషన్ మీద పక్క టీముకు వెళ్ళినవారి సీటు, రెండేళ్ళలో ముగ్గురు వదిలేసిన సీటు ఒకటి కావు. రెండో రకంలో ఇబ్బంది వెళ్ళినవాళ్ళలో కంటే పనిలోనో, మేనేజరులోనో, రాత్రి కాల్స్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ. రిక్రూటర్ చెప్పకపోయినా దీన్ని కొంత పసిగట్టవచ్చు. అదే ఉద్యోగం, అదే వివరణతో, ఏడాదిలో రెండు మూడుసార్లు ప్రకటనల్లో కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఇంకొక చిన్న సంగతి. పదేళ్ళ అనుభవం ఉన్నవారు వెళ్తుంటే, ప్రకటనలో నాలుగేళ్ళవారిని అడుగుతుండవచ్చు. అది ఎదగడానికి అవకాశం కావచ్చు, తక్కువ జీతానికి అదే బరువు మోయించడమూ కావచ్చు. పనిలో ఏ భాగాన్ని వేరేవారికి పంచారో అడిగితే ఏదో తేలిపోతుంది.

కొత్త పోస్టు అని జవాబొస్తే ప్రశ్నల దారి మారుతుంది. అప్పుడు చూడాల్సింది డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్నది. సాఫ్ట్‌వేర్ సర్వీసుల కంపెనీల్లో కొత్త పోస్టు చాలావరకు ఒక క్లయింటు ప్రాజెక్టుకు ముడిపడి ఉంటుంది. ప్రాజెక్టు సంతకాలు అయిపోయి మనుషుల కోసం చూస్తున్నారా, వస్తుందన్న ఆశతో ముందే మనుషులను పోగేసుకుంటున్నారా అన్నది అడగాలి. రెండో సందర్భంలో చేరిన రోజున పని ఉండకపోవచ్చు, బెంచ్ మీద కూర్చోవాల్సి రావచ్చు. చేరాక క్లయింటు ఇంటర్వ్యూ కూడా ఉంటుందని చెబితే, ఏ ప్రాజెక్టులో పెడతారో ఇంకా తేలలేదని అర్థం. విదేశీ కంపెనీలు సొంతంగా నడిపే ఆఫీసుల్లో అయితే, పోస్టుకు ఈ ఏడాది బడ్జెట్‌లో ఆమోదం వచ్చిందా అని సూటిగా అడగొచ్చు. ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్న జవాబు వస్తే ఇంటర్వ్యూలకు వెళ్ళవచ్చు గానీ, దాన్ని నమ్ముకుని రాజీనామా పెట్టకూడదు.

రీప్లేస్‌మెంట్ అయినంత మాత్రాన పూర్తి భద్రత ఉందని కాదు. 2022 జూన్‌లో క్రిప్టో కంపెనీ కాయిన్‌బేస్ కొత్త పోస్టులతో పాటు వెళ్ళిపోయినవారి స్థానాల భర్తీని కూడా ఆపేసింది, అభ్యర్థులు అప్పటికే ఒప్పుకున్న కొన్ని ఆఫర్లను సైతం వెనక్కి తీసుకుంది. కంపెనీ మొత్తానికే కష్టమొచ్చినప్పుడు ఈ తేడా నిలబడదు. ఒక విభాగంలో పొదుపు మొదలైనప్పుడు, ఇంకా ఎవరూ చేరని కొత్త పోస్టును ఆపడం కంపెనీకి తేలిక. సగంలో ఉన్న పనిని ఆపడం కష్టం. రీప్లేస్‌మెంట్ ఇచ్చే ధైర్యం అంతవరకే.

టీము గురించిన ప్రశ్నలు ఈ జవాబు మీదే ఆధారపడాలి. టీము ఎలా ఉంటుందని అడిగితే చాలా బాగుంటుందనే చెబుతారు, దానివల్ల తెలిసేదేమీ లేదు. రీప్లేస్‌మెంట్ అయితే, ఖాళీగా ఉన్నన్నాళ్ళు ఆ పనిని ఎవరు చూస్తారు, చేరాక మొదటి నెల ఎవరి దగ్గర నేర్చుకోవాలి అన్నవి అడగాలి. కొత్త పోస్టు అయితే, ఈ పనిని ఇప్పటిదాకా ఎవరు చేస్తున్నారు, వాళ్ళు దాన్ని వదులుకోవడానికి సిద్ధంగా ఉన్నారా అన్నవి అడగాలి. ఎక్కడ కూర్చుంటారన్నది రెండింటికీ వర్తిస్తుంది. హైదరాబాద్‌లో ఇద్దరు, బెంగళూరులో ముగ్గురు, మేనేజరు అమెరికాలో అంటే, రోజూ ఏ వేళకు మీటింగులుంటాయో లెక్క వేసుకోవాలి. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 9 గంటలంటే మనకు రాత్రి 9:30, అక్కడ చలికాలం గడియారం నడిచే నెలల్లో 10:30.

రిక్రూటర్ చెప్పిన జవాబును మేనేజరు ఇంటర్వ్యూలో మళ్ళీ అడగడం మంచిది. పరీక్షిస్తున్నట్టు కాకుండా, ‘రీప్లేస్‌మెంట్ అని చెప్పారండీ, అప్పగింత ఎలా ప్లాన్ చేశారు?’ అంటే చాలు. ఇద్దరి మాటా కలిస్తే సరే. రిక్రూటర్ రీప్లేస్‌మెంట్ అని, మేనేజరు టీము పెంచుతున్నామని అంటే, అది వట్టి సమాచార లోపం కావచ్చు. అయినా ఆఫర్ చేతికొచ్చాక, రాజీనామా పెట్టేలోపు రిక్రూటర్‌కు రెండు వాక్యాల మెయిల్ పంపి తేల్చుకోవాలి.

మన డెవలపరు విషయంలో మేనేజరు సూటిగా చెప్పారు. వెళ్ళేవారు ఆ టీములో మూడేళ్ళు చేశారని, కంపెనీలోనే డేటా విభాగానికి మారుతున్నారని, టీములో ఆయన కాక ఐదుగురున్నారని, అప్పగింతను టీమ్ లీడ్ తీసుకుంటున్నారని వివరించారు. ఆమె రెండు అడిగింది. అప్పగింత సెషన్లన్నీ రికార్డు చేయాలని, వెళ్ళేవారు అదే భవనంలో ఉంటారు కాబట్టి ఆమె చేరిన మొదటి నెలలో వారానికి రెండు గంటలు ఇచ్చేలా ఆయన కొత్త మేనేజరుతో మాట్లాడి పెట్టాలని. రెండూ ఆఫర్‌తో పాటు మెయిల్‌లో వచ్చాయి. బయౌట్ అవసరం లేకుండానే, జూన్ 16న ఆమె రాజీనామా పంపింది.