లెక్క ముందు, విలువ తర్వాత: మార్చి 31 నాటి స్టాకు

ఆర్థిక సంవత్సరం ముగిసే రోజున దుకాణంలో మిగిలిన సరుకును ఎంత విలువకు పుస్తకాల్లో చూపాలనే దానికి మన దేశంలో అకౌంటింగ్ స్టాండర్డ్ 2 ఒక సూత్రం చెబుతుంది. కొన్న ధర, నికర వసూలు విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది తీసుకోవాలి. మామూలు వ్యాపారంలో ఆ సరుకు అమ్మితే వస్తుందని అంచనా వేసే ధరలోంచి, అమ్మడానికయ్యే ఖర్చులు తీసేస్తే మిగిలేది నికర వసూలు విలువ. అయితే ఈ విలువ కట్టేముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది: అసలు సరుకు ఎంత ఉంది? రిజిస్టరులో ఉన్నంత సరుకు అరల్లో లేకపోతే ఆ లోటుకు వేరే పద్దు రాయాలి. ఈ రెండు నష్టాలూ స్టాకునే తగ్గిస్తాయి కాబట్టి చాలా దుకాణాల్లో వీటిని ఒకే పద్దులో కలిపేస్తారు. అక్కడే చిక్కు మొదలవుతుంది.

ఒక చీరల దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. సూరత్ నుంచి ఒక్కోటి 900 రూపాయలకు కొన్న జార్జెట్ చీరలు, స్టాకు రిజిస్టరు ప్రకారం మార్చి 31న 121 ఉండాలి. అరల్లో లెక్కిస్తే 112 దొరికాయి. తేడా 9. ఈ 9 చీరలనూ అక్కడికక్కడే నష్టం కింద రాసేయడం తొందరపాటు. ముందు వెతకాలి. రెండు చీరలు ఫాల్స్, పీకో కోసం టైలరు దగ్గర ఉన్నాయి, ఇంకా ఎవరికీ అమ్మలేదు. అవి దుకాణం సరుకే కాబట్టి లెక్కలో కలుస్తాయి. మరో చీరకు 31 సాయంత్రం బిల్లు వేసి, డబ్బు తీసుకుని ఇచ్చేశారు, రిజిస్టరులో మాత్రం తగ్గించలేదు. దాని ధర అమ్మిన సరుకు ఖర్చులోకి పోతుంది, తరుగులోకి కాదు. ఇప్పుడు రిజిస్టరు ప్రకారం 120, ఉన్నవి 114. నిజంగా కనిపించనివి 6. ఇదే సమయంలో పక్క డిజైన్‌లో ఆరు చీరలు ఎక్కువ తేలాయేమో కూడా చూడాలి. ఒక డిజైన్ చీరను ఇంకో కోడ్‌తో బిల్లు చేస్తే ఒకచోట లోటు, మరోచోట మిగులు కనబడతాయి. అలాంటప్పుడు పోయిన చీర ఏదీ లేదు, సరిదిద్దాల్సింది కోడ్ మాత్రమే.

ఆరు చీరలు ఎక్కడా దొరకలేదని తేలాక పద్దు రాయాలి. స్టాకు తరుగు నష్టం ఖాతాకు 5,400 డెబిట్, స్టాకు ఖాతాకు 5,400 క్రెడిట్. లోటు ఎప్పుడూ కొన్న ధరకే. నష్టం బీమా కంపెనీ నుంచి వస్తుందన్న ఆశ ఒక్కదానితోనే దాన్ని రావాల్సిన బాకీగా చూపకూడదు. క్లెయిము వస్తుందని గట్టిగా తేలాకే ఆ మాట.

పద్దు ఇక్కడితో పూర్తి కాదు. సీజీఎస్టీ చట్టం 17(5) సెక్షన్‌లోని (హెచ్) క్లాజు ప్రకారం పోయిన, దొంగిలించిన, నాశనమైన, పూర్తిగా రద్దు చేసిన సరుకు మీద ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ దక్కదు. ఆరు చీరల 5,400 మీద 5 శాతం చొప్పున కొన్నప్పుడు తీసుకున్న 270 రూపాయల క్రెడిట్‌ను వెనక్కివ్వాలి. సరుకు గుజరాత్ నుంచి వచ్చింది కాబట్టి అది ఐజీఎస్టీ. స్టాకు తరుగు నష్టానికి 270 డెబిట్, ఇన్‌పుట్ ఐజీఎస్టీకి 270 క్రెడిట్. రిటర్ను జీఎస్టీఆర్-3బీలో ఇది 4(బి)(1) వరుసలో పడుతుంది. చిన్న దుకాణాలు ఎక్కువగా మరిచిపోయే మెట్టు ఇదే. ఆడిట్‌లోనో తనిఖీలోనో బయటపడితే పన్నుతోపాటు వడ్డీ కూడా పడే అవకాశం ఉంటుంది.

ఇప్పుడు కళ్ల ముందున్న 114 చీరల సంగతి. డిజైన్ పాతబడింది. యజమాని అంచనా ప్రకారం ఇవి ఆషాఢం సేల్‌లో 840 రూపాయలకు పోతాయి. ఆ ధరలో జీఎస్టీ కలిసి ఉంది. 5 శాతం పన్ను తీస్తే దుకాణానికి మిగిలేది 800. అమ్మిన సేల్స్‌మన్‌కు చీరకు ఇచ్చే ఇన్సెంటివ్ 40, కవరు, ప్యాకింగ్ 10. అంటే నికర వసూలు విలువ 750. కొన్న ధర 900 కాబట్టి చీరకు 150 తగ్గించాలి. 114 చీరలకు 17,100. స్టాకు విలువ తగ్గింపు ఖాతాకు 17,100 డెబిట్, స్టాకుకు 17,100 క్రెడిట్. ఇక్కడ జీఎస్టీ క్రెడిట్‌ను తాకాల్సిన పని లేదు. చీరలు ఉన్నాయి, అమ్ముడుపోతాయి, వాటిమీద పన్ను కూడా కడతారు. విలువను సున్నాకు తెచ్చి సరుకును పూర్తిగా రద్దు చేస్తే మాత్రం పైన చెప్పిన క్లాజు వర్తిస్తుంది.

ఈ వరుస తారుమారైతే ఏమవుతుందో చూడాలి. ముందు 120 చీరలకూ 150 చొప్పున తగ్గించి 18,000 రాశారనుకుందాం. తర్వాత ఆరు చీరల లోటును 750 చొప్పున 4,500 రాశారు. మొత్తం 22,500. సరైన పద్ధతిలోనూ 5,400, 17,100 కలిపితే అదే 22,500. చివరి స్టాకు విలువ 85,500 కూడా మారదు. అందుకే ఈ తప్పు ఎవరి కంటికీ ఆనదు. కానీ లేని చీరలకు డిజైన్ పాతబడ్డ నష్టం అంటగట్టారు. పోయిన సరుకు నష్టం 900 రూపాయలు తక్కువగా కనిపిస్తోంది. వెనక్కివ్వాల్సిన క్రెడిట్‌ను 4,500 మీద 225గా లెక్కేస్తే అదీ తప్పే. చీరలు మాయమవడం కాపలా లోపం, డిజైన్ పాతబడటం కొనుగోలు లోపం. రెండిటినీ కలిపేస్తే యజమాని ఏదీ సరిదిద్దుకోలేడు.

మామూలుగా జరిగే మరో పొరపాటు లాభంతో నష్టాన్ని కప్పడం. అదే దుకాణంలో 6,000కు కొన్న పట్టుచీరలు 40 ఉన్నాయి, ఖర్చులు పోను ఒక్కోటి 7,000కు అమ్ముడుపోతాయి. మొత్తం మీద లాభమే కదా, తగ్గించడమెందుకు అని అడిగేవారున్నారు. పట్టుచీరల మీద రాబోయే 40,000 లాభం ఇంకా రాలేదు. ఒకే రకానికి చెందిన సరుకును వర్గంగా కలపవచ్చు గాని, జార్జెట్ నష్టాన్ని పట్టు లాభంతో సర్దకూడదు.

అంచనా ధరకు ఆధారం ఎక్కడిది? మార్చి 31 తర్వాత, ఖాతాలు ఖరారయ్యేలోపు జరిగిన అమ్మకాలు దీనికి మంచి సాక్ష్యం. మే నెలలో ఆ చీరలే 840కి పోతే అంచనా నిలిచినట్టే. అదే మే నెలలో గోడౌన్‌లోకి వాననీరు వచ్చి చీరలు తడిసి ధర పడిపోతే, అది కొత్త సంవత్సరంలో జరిగిన నష్టం. దాన్ని పాత సంవత్సరంలోకి లాగకూడదు.

రోజువారీ స్టాకు రిజిస్టరు లేకుండా, ఏడాది చివర ఉన్నది లెక్కించి చివరి స్టాకుగా వేసే దుకాణాలు చాలా ఉన్నాయి. అక్కడ 85,500 వేయగానే రెండు నష్టాలూ వాటంతటవే స్థూల లాభంలో కలిసిపోతాయి. ఉండాల్సిన సంఖ్యే తెలియనప్పుడు ఆరు చీరలు పోయాయని తెలిసే దారి లేదు. అలాంటి చోట స్థూల లాభం శాతం కారణం లేకుండా నిరుటికన్నా తగ్గడమొక్కటే సంకేతం.

ఏప్రిల్ 1న ఆ 114 చీరలు 85,500 ప్రారంభ స్టాకుగా కొత్త పుస్తకంలోకి వస్తాయి. ఆషాఢంలో అనుకున్నట్టే 840కి పోతే ఒక్కో చీర మీద లాభమూ ఉండదు, నష్టమూ ఉండదు. నష్టం వస్తే మార్చిలో అంచనా ధర ఎక్కువ వేసుకుని ఉండవచ్చు.