పప్పన్నంలో ఇనుము, పక్కన టీ కప్పు

భోజనం కాగానే టీ, టిఫిన్ కాగానే కాఫీ తాగడం మన ఇళ్లలో ఎంత మామూలంటే, అది తిన్న తిండి మీద పనిచేస్తుందన్న ఆలోచనే రాదు. మాంసం ముట్టని వారి విషయంలో మాత్రం ఆ ఒక్క కప్పు, తిన్న ఇనుములో సగాన్ని ఒంటికి పట్టకుండా చేయగలదు.

మాంసంలోని ఇనుములో కొంత భాగం రక్తవర్ణకమైన హీమ్‌లో ఇమిడి ఉంటుంది. అది పేగుల్లోకి దాదాపు అదే రూపంలో వెళ్తుంది కాబట్టి, పక్కన ఏం తిన్నా ఏం తాగినా దాని మీద ప్రభావం తక్కువ. ధాన్యాలు, పప్పులు, ఆకుకూరల్లోని ఇనుముకు ఆ రక్షణ లేదు. జీర్ణాశయంలోని ఆమ్లంలో అది ఆహారం నుంచి విడివడి కరుగుతుంది. ఆ తరవాత చిన్నపేగు మొదటి భాగంలో ఆమ్లత తగ్గుతుంది. అక్కడ ఇనుము కరిగిన స్థితిలోనే మిగలాలి, పైగా ఫెర్రిక్ రూపం నుంచి ఫెర్రస్ రూపంలోకి మారాలి. అప్పుడే పేగు గోడ మీది రవాణా ప్రోటీన్ దాన్ని లోపలికి తీసుకుంటుంది. ఇదంతా జరిగే కొద్దిసేపట్లో ఇనుమును ఎవరు ముందు పట్టుకుంటారన్నదే అసలు ప్రశ్న.

టీలోని టానిన్లు, కాఫీలోని క్లోరోజెనిక్ ఆమ్లం వంటి పాలీఫినాల్స్ దాన్ని గట్టిగా పట్టుకుంటాయి. ఆ బంధం ఎలా ఉంటుందో శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ మీద కళ్లారా చూడవచ్చు. ముందు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి, ఆ ద్రావణంతో గీత గీస్తారు. గీసిన చోటల్లా గుడ్డ నల్లబడుతుంది. కరక్కాయ టానిన్, ఇనుము కలిసి తయారైన ఆ నలుపు ఉతికినా పోదు. చిక్కటి టీ డికాక్షన్‌లో ఐరన్ మాత్ర పొడి వేసినా రంగు నల్లగా మారుతుంది. కడుపులో జరిగేదీ ఇదే రసాయన చర్యే. అలా చిక్కుకున్న ఇనుమును పేగు తీసుకోలేదు. అది మలంతో బయటికి పోతుంది.

ఇందులో కెఫీన్ పాత్ర లేదు. కాబట్టి కెఫీన్ తీసేసిన కాఫీకి మారినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. పాలు పోస్తే టానిన్ల బలం పోతుందని చాలామంది అనుకుంటారు. రొట్టెతో కూడిన భోజనం మీద జరిగిన ఒక పరీక్షలో పాలు కలిపినా టీ అడ్డుకునే గుణం చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

మన తిండికి దగ్గరైన ఆధారం బెంగళూరులోని సెయింట్ జాన్స్ పరిశోధన సంస్థ నుంచి 2008లో వచ్చింది. యువతులకు అన్నంతో కూడిన భోజనం పెట్టి, అందులో గుర్తుపట్టడానికి వీలైన ఇనుము ఐసోటోపులు కలిపారు. అందులో ఎంత భాగం ఒంటికి పట్టిందో వాటి ఆధారంగా లెక్కగట్టారు. భోజనంతో ఒక కప్పు టీ ఇస్తే ఒంటికి పట్టే ఇనుము సుమారు సగానికి, రెండు కప్పులిస్తే మూడో వంతుకు పడిపోయింది. అదే భోజనానికి విటమిన్ సి చేర్చితే దాదాపు నాలుగు రెట్లకు చేరింది. రక్తహీనత ఉన్న యువతుల శరీరం మిగతావారికంటే సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ ఇనుము తీసుకుంది. అయినా వారిలోనూ టీ ఇంచుమించు ఇదే నిష్పత్తిలో నష్టం చేసింది. నన్ను ఎక్కువగా కలతపెట్టేది ఈ విషయమే. ఒంటికి ఇనుము ఎంత అవసరమైనా, టానిన్ చేతిలో చిక్కిన దాన్ని అది విడిపించుకోలేకపోతోంది.

ఒక మధ్యాహ్న భోజనం తీసుకుని లెక్క వేద్దాం. 150 గ్రాముల బియ్యంతో వండిన అన్నంలో సుమారు 1 మిల్లీగ్రాము, 50 గ్రాముల కందిపప్పులో 2, 50 గ్రాముల తోటకూరలో మరో 2 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మొత్తం 5. లెక్క సులువుగా ఉండాలని అందులో నూటికి 5 వంతులు ఒంటికి పడుతుందనుకుందాం. అంటే పావు మిల్లీగ్రాము. వెంటనే ఒక టీ తాగితే అది 0.12కు, రెండు తాగితే 0.08కి దిగుతుంది. తగినంత విటమిన్ సి తోడైతే దాదాపు 1 దాకా రావచ్చు. నెలసరి వచ్చే స్త్రీకి రోజుకు దాదాపు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఇనుము రక్తంలోకి చేరాలి. కంచంలో పెట్టిన కూర మారకుండానే ఇంత తేడా వస్తోంది.

తగినంత అంటే ఎంత? బెంగళూరు పరీక్షలో ఒక్కో ఇనుము పరమాణువుకు రెండు విటమిన్ సి అణువుల చొప్పున చేర్చినప్పుడే ఈ ఫలితం కనిపించింది. బరువులోకి మారిస్తే ఒక మిల్లీగ్రాము ఇనుముకు ఆరు మిల్లీగ్రాముల పైచిలుకు, మన 5 మిల్లీగ్రాముల భోజనానికి 30 దాటి కావాలి. అన్నం మీద పిండే నిమ్మచెక్కలో అంత ఉండదు. ఒక నిమ్మకాయ రసమంతా కలిపినా 10, 12 మిల్లీగ్రాములకు మించదు. అదే జామకాయలో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. రెండు ముక్కలు చాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 13–15 ఏళ్ల పిల్లలకు అన్నంతోపాటు 100 గ్రాముల జామ పెట్టి చూసినప్పుడు ఒంటికి పట్టే ఇనుము దాదాపు రెట్టింపైంది. చింతపండు పులుపు చూసి మోసపోకూడదు. అందులో విటమిన్ సి నామమాత్రమే. ఇంకో సంగతి, జామ ఆ భోజనంతోనే తినాలి. విటమిన్ సి కడుపులో ఇనుమును కలిసి, దాన్ని ఫెర్రస్ రూపంలోకి మార్చి, కరిగిన స్థితిలోనే పేగు దాకా చేరుస్తుంది. సాయంత్రం తిన్న పండు మధ్యాహ్నం తిన్న పప్పుకు సాయం చేయలేదు. ఎక్కువసేపు వేడి మీద ఉంచిన వంటల్లో ఈ విటమిన్ చాలావరకు నశిస్తుంది గనుక పచ్చి పండే మేలు.

టీ మానేసినా ఫైటేట్లు ఉండనే ఉంటాయి. గింజ తన మొలక కోసం భాస్వరాన్ని దాచుకునే రూపం ఇది. కొద్దిపాటి ఫైటేటే ఇనుమును గణనీయంగా కట్టేస్తుంది. బియ్యంలో అది ఎక్కువగా తవుడులో ఉంటుంది, పాలిష్ పడితే తగ్గుతుంది. పప్పుల్లో బద్దలోనే ఉంటుంది కాబట్టి పొట్టు తీస్తే పోదు. మొలకెత్తినప్పుడూ పులిసినప్పుడూ గింజలోని ఫైటేజ్ ఎంజైమ్ దాన్ని కొంత విడగొడుతుంది. అందుకే నేరుగా పట్టించిన రాగిపిండి జావకంటే మొలకెత్తిన రాగుల జావ ఈ విషయంలో మెరుగు. రాగి పొట్టులోని టానిన్లు మాత్రం కొంత అడ్డు తగులుతూనే ఉంటాయి. నానబెట్టిన నీళ్లు పారబోయడం వల్ల కొంత లాభం ఉంది గానీ, మొలకెత్తించడమంత కాదు.

మరి టీ ఎప్పుడు తాగాలి? 1983లో అమెరికాలో జరిగిన పరీక్షలో భోజనానికి గంట ముందు తాగిన కాఫీ ఏ నష్టమూ చేయలేదు. గంట తరవాత తాగింది మాత్రం భోజనంతోపాటు తాగినంతే అడ్డుకుంది. తిన్నది గంట తరవాత కూడా కడుపులో చాలావరకు మిగిలే ఉంటుంది కదా. 2017లో బ్రిటన్‌లో టీ మీద జరిగిన పరీక్షలో గంట ఎడం ఇస్తే నష్టం సుమారు సగం తగ్గింది. భోజనానికి ముందూ తరవాతా కనీసం గంటసేపు టీ, కాఫీ వద్దని భారత వైద్య పరిశోధన మండలి 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ రెండు పరీక్షలూ పక్కపక్కన పెట్టి చూస్తే, తినకముందు గంట చాలు, తిన్నాక రెండు గంటలు ఆగడం మంచిదని నా అభిప్రాయం. ఐరన్ మాత్ర వేసుకునేవారికీ ఇదే వర్తిస్తుంది.

ఈ అంకెలను ఒక హద్దులోనే నమ్మాలి. ఇవి ఒక్కో పూట భోజనం మీద వచ్చినవి. రోజుల తరబడి తినే రకరకాల తిండి మీద కొలిచినప్పుడు విటమిన్ సి ప్రభావం ఇంత గొప్పగా కనిపించలేదు. నిల్వలు నిండుగా ఉన్నవారిలో హెప్సిడిన్ అనే హార్మోన్ పేగు నుంచి ఇనుము రక్తంలోకి వెళ్లే దారిని మూసేస్తుంది. అలాంటి పురుషుడు భోజనం కాగానే టీ తాగినా నష్టపోయేది పెద్దగా ఉండదు. ఇనుము అతిగా పేరుకునే జబ్బున్నవారికైతే అది మేలే చేయవచ్చు. మార్పు ఫలించిందా అన్నది హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే తెలియదు, నిల్వలు ఖాళీ అయ్యాక గానీ అది పడిపోదు. నిల్వలను చూపేది సీరమ్ ఫెరిటిన్. పెద్దల్లో లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తక్కువ ఉంటే ఇనుము లోపమే. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఒంట్లో నలత లేని రోజునే ఆ రక్తపరీక్ష చేయించుకోవాలి. తిండిలో మార్పు చేశాక రెండు మూడు నెలలకు మళ్లీ చూడాలి.