అరవై మాటల్లో వక్త

సదస్సు నిర్వాహకుల నుంచి వచ్చే మెయిల్‌లో మూడు అడుగుతారు: ప్రసంగం శీర్షిక, ఒక ఫొటో, అరవై మాటలకు మించని పరిచయం. మొదటి రెండూ ఎలాగో వెళ్లిపోతాయి. మూడోదాని కోసం చాలామంది తమ లింక్డ్ఇన్ పేజీ తెరిచి, అక్కడ తమ గురించి రాసుకున్న మొదటి పేరా కాపీ చేసి, 'నేను' ఉన్నచోట పేరు పెట్టి పంపేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ప్రొఫైల్ ఉద్యోగమిచ్చేవారి కోసం, పాత సహోద్యోగుల కోసం, ఎవరు చూస్తారో తెలియని అందరి కోసం రాసుకున్నది. అందుకే అందులో అన్నీ ఉంటాయి. వక్త పరిచయం మాత్రం ఒకే ప్రశ్నకు జవాబు: ఈ విషయం గురించి ఈ మనిషే ఎందుకు మాట్లాడాలి?

ఆ జవాబు కోసం చూసేది ముగ్గురు. ప్రసంగాలు ఎంపిక చేసే కమిటీ సభ్యుడు శీర్షిక పక్కన పెట్టుకుని చదువుతాడు. ఒకే సమయానికి రెండు హాళ్లలో రెండు ప్రసంగాలుంటే దేనికి వెళ్లాలో తేల్చుకోవడానికి సభికుడు కరపత్రంలో చూస్తాడు. మూడో వ్యక్తి వ్యాఖ్యాత. ఆయన దాన్ని అప్పుడే మొదటిసారి చూస్తూ మైకులో పైకి చదువుతాడు. రాసేటప్పుడు ఎవరికీ గుర్తురానిది ఈయనే. పొడి అక్షరాల సంస్థల పేర్లు, మూడు పంక్తుల వాక్యాలు ఆయన నోట పడి ఏమవుతాయో సభలకు వెళ్లేవాళ్లందరికీ తెలుసు.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. ఆమె కృషి విజ్ఞాన కేంద్రంలో కీటకశాస్త్రవేత్త. ప్రొఫైల్‌లో పైన ఇలా ఉంది: 'కీటకశాస్త్రంలో పీహెచ్‌డీ. 14 ఏళ్ల అనుభవం. పత్తి, మిరప, కంది పంటల్లో సమగ్ర సస్యరక్షణ. 22 పరిశోధన వ్యాసాలు, మూడు పురస్కారాలు. రేడియో ప్రసంగాలు. నాయకత్వ లక్షణాలు, బృందస్ఫూర్తి. రైతు సేవే పరమావధి.' ఆమె మాట్లాడబోయేది పత్తిలో గులాబీ రంగు పురుగు గురించి. అది కూడా పురుగు మొత్తం కథ కాదు. లింగాకర్షక బుట్టల్లో పడ్డ రెక్కల పురుగుల లెక్క చూసి మందు ఎప్పుడు కొట్టాలో తేల్చుకోవడం గురించి.

పై పేరా చదివితే ఆమె చదువుకున్న మనిషని తెలుస్తుంది. బుట్టల గురించి ఆమెకేం తెలుసో తెలియదు. మిరప మీద మాట్లాడే శాస్త్రవేత్తకైనా ఈ పేరా సరిగ్గా సరిపోతుంది. పేరు మార్చి ఇంకొకరికి అతికిస్తే అతుక్కుపోయే పరిచయం పనికిరాదు. అందుకని ముందు శీర్షికను కాగితం పైన రాసుకుని, ప్రొఫైల్‌లోని ఒక్కో వాక్యాన్ని దాని పక్కన పెట్టి చూడాలి. రేడియో ప్రసంగాలకు బుట్టలతో సంబంధం లేదు. మిరప, కంది తీసేయొచ్చు. పురస్కారాల్లో ఏదీ ఈ పనికి వచ్చింది కాకపోతే మూడూ పోతాయి. ఇక్కడే చాలామందికి చెయ్యి ఆడదు. బృందస్ఫూర్తి, పరమావధి లాంటివి ఎవరైనా చెప్పుకోగలిగినవి, ఎవరూ తేల్చి చూడలేనివి. వాటిని తీసేయడానికి జంకక్కర్లేదు.

ఇక మిగిలేది చాలా తక్కువ. అప్పుడు ప్రొఫైల్‌లో కిందికి వెళ్లాలి. అసలు సరుకు దాదాపు ఎప్పుడూ అక్కడే, ఉద్యోగాల జాబితా కింద, ఎవరూ చదవని చిన్న వివరాల్లో ఉంటుంది. ఈమె విషయంలో అక్కడొక వాక్యం దొరికింది: '2018 నుంచి ఆరు గ్రామాల్లో పత్తి రైతులకు సస్యరక్షణపై శిక్షణ.' ఆ శిక్షణలో ఏం చేశారని అడిగితే విషయం బయటికొస్తుంది. 120 మంది రైతుల పొలాల్లో బుట్టలు పెట్టించారు. రోజూ పొద్దున్నే ఎన్ని పురుగులు పడ్డాయో నోటు పుస్తకాల్లో రాయించారు. ఒక్కో బుట్టలో రోజుకు ఎనిమిది చొప్పున వరుసగా మూడు రోజులు పడితే మందు గురించి ఆలోచించాలన్నది శాస్త్రవేత్తలు చెప్పే హద్దు. పొలంలో ఆ హద్దు ఎలా పనిచేస్తుందో చూసిన మనిషి ఆమె. ఆ 22 వ్యాసాల్లో రెండు ఈ లెక్కల మీదే ఉన్నాయి. సభికుడికి 22 కన్నా ఆ రెండే విలువైనవి.

నమ్మకం కలిగించే వాక్యానికి మూడు ఉండాలి: ఏం చేశారు, ఎక్కడ, ఎప్పటి నుంచి. ఫలితం చెప్పాలంటే మాత్రం ఆగి ఆలోచించాలి. 'పిచికారీలు గణనీయంగా తగ్గాయి' అని రాయాలని చెయ్యి లాగుతుంది. బుట్టలు పెట్టని పక్క పొలాలతో పోల్చి లెక్క తీసి ఉంటే ఆ అంకె వేయొచ్చు. తీయకపోతే ఆ వాక్యం వద్దు. ప్రశ్నల సమయంలో ఎవరో ఒకరు లేచి 'ఎంత తగ్గాయండీ?' అని అడుగుతారు, అప్పుడు పరిచయమే ప్రసంగాన్ని దెబ్బతీస్తుంది. బృందం చేసిన పనిని ఒక్కరి ఖాతాలో వేసుకోవడమూ ఇలాంటిదే. ఆ బృందంలోని మరొకరు అదే హాల్లో కూర్చుని ఉండొచ్చు.

ఇప్పుడు పరిచయం ఇలా తయారవుతుంది:

'డాక్టర్ ఫలానా కృషి విజ్ఞాన కేంద్రంలో కీటకశాస్త్రవేత్త. పత్తిలో గులాబీ రంగు పురుగుకు మందు ఎప్పుడు కొట్టాలో లింగాకర్షక బుట్టల లెక్కతో తేల్చే పద్ధతిపై 2018 నుంచి పనిచేస్తున్నారు. ఆరు గ్రామాల్లో 120 మంది రైతులతో బుట్టలు పెట్టించి, రోజువారీ లెక్కలు రాయించారు. వాటి ఆధారంగా రెండు పరిశోధన వ్యాసాలు ప్రచురించారు. ఏ లెక్కకు పిచికారీ చేయాలో, ఏ లెక్కకు ఆగాలో ఆ నోటు పుస్తకాల నుంచే నేడు చూపిస్తారు.'

అరవై మాటల లోపే ఉంది. పైకి చదివితే అర నిమిషం, కాస్త అటూ ఇటూ. పీహెచ్‌డీ మాట విడిగా లేదు, పేరు ముందున్న 'డాక్టర్' దాన్ని మోస్తోంది. '14 ఏళ్ల అనుభవం' బదులు '2018 నుంచి' వచ్చింది. ఏళ్ల లెక్క వచ్చే ఏడాదికి తప్పవుతుంది, సంవత్సరం తప్పవదు. 'గారు' కూడా లేదు. తన గురించి తానే రాసుకున్న కాగితంలో 'గారు' పెట్టుకోవడం ఎబ్బెట్టు, చదివేటప్పుడు వ్యాఖ్యాతే చేరుస్తాడు. 'పనిచేస్తున్నారు' అన్న మర్యాద రూపం మాత్రం ఉండాల్సిందే. లేకపోతే ఆయన వేదిక మీద తడబడతాడు.

వాక్యాల వరుసలోనూ ఒక లెక్కుంది. కరపత్రంలో జాగా చాలకపోతే నిర్వాహకులు ఎవరినీ అడగకుండా కింది నుంచి కోస్తారు. పైన చివరి రెండు వాక్యాలూ పోయినా మనిషెవరో, పనేమిటో నిలబడతాయి. నోటు పుస్తకాల మాట మొదట్లో పెట్టి, ఉద్యోగం చివరికి నెట్టి ఉంటే నిలబడదు.

ఆన్‌లైన్ ఫారంలో నింపేటప్పుడు ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. అక్కడ హద్దు తరచూ మాటల్లో కాదు, అక్షరాల్లో ఉంటుంది. కంప్యూటర్ గుణింతాన్ని, పొల్లును కూడా విడివిడిగా లెక్కేస్తుంది. 'శాస్త్రవేత్త' మనకు నాలుగు అక్షరాలు, దానికి పన్నెండు. ఇంగ్లిష్ పరిచయం హాయిగా పట్టిన 300 అక్షరాల గడిలో తెలుగు పరిచయం సగంలోనే ఆగిపోతుంది, ఒక్కోసారి మాట మధ్యలో తెగుతుంది కూడా. అలాంటి గడి కోసం ముందే మొదటి రెండు వాక్యాలతో ఒక పొట్టి రూపం విడిగా రాసుకోవాలి. నింపాక పేజీ ఎలా కనిపిస్తుందో ఫోన్‌లో కూడా తెరిచి చూడాలి. పూర్తి పరిచయాన్ని మెయిల్‌లో వ్యాఖ్యాతకు వేరేగా పంపొచ్చు, ఇంటిపేరు ఎలా పలకాలో పక్కన రాసి.